ఓనరుకు కాక, వాళ్ల అబ్బాయికి అద్దె పంపితే?

ప్రశ్న: కూకట్‌పల్లిలో 18 వేల అద్దెకుంటున్నాం. ఓనరు పెద్దాయన, యూపీఐ లేదంటే వాళ్లబ్బాయికి పంపేవాణ్ణి. మూడు నెలలు క్యాష్ ఇచ్చాను. నా బేసిక్ 50 వేలు, హెచ్‌ఆర్‌ఏ 20 వేలు. ఆఫీసులో చూపలేదు కాబట్టి 2023-24 రిటర్న్‌లో పాత పద్ధతిలో నేరుగా క్లెయిమ్ చేశాను. ఇప్పుడు రిటర్న్‌ను స్క్రూటినీకి తీసుకున్నామంటూ 143(2) నోటీసు వచ్చింది. రసీదులు లేవు, ఓనరు పాన్ ఇవ్వనంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. బ్యాంక్ స్టేట్‌మెంట్ చాలదా?

జవాబు: ఒక్క స్టేట్‌మెంటే చాలదు. మీరు ఉంటున్న ఇంటికి నిజంగా అద్దె కట్టారా అన్నదే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు ఇచ్చే సెక్షన్ 10(13ఎ) చూసేది. స్టేట్‌మెంట్‌లో తెలిసేది మీ ఖాతా నుంచి ఒకరి ఖాతాకు 18 వేలు వెళ్లిందని మాత్రమే. అది అద్దెయో, చేబదులు తీర్చిందో, చిట్టీ డబ్బో అధికారికి ఎలా తెలుస్తుంది? ఇల్లు తండ్రిది, డబ్బు అందుకున్నది కొడుకు. ఈ ఇద్దరినీ కలిపే కాగితం మీద మీ కేసు ఆధారపడి ఉంది. నెలనెలా అంత డబ్బిస్తూ ఒక్క సంతకం అడగడానికి మొహమాటపడ్డారు!

ఓనరు చేత ఒక ఉత్తరం రాయించుకోండి: ఫలానా ఫ్లాట్‌లో ఫలానా నెల నుంచి మీరున్నారని, అద్దె తన కొడుకు ఖాతా ద్వారా తనకే అందిందని. కొడుకూ సంతకం చేయాలి. ఉత్తరం మీద రాసిన రోజు తేదీయే ఉండాలి. అద్దె గురించి సాగిన వాట్సాప్ మాటలు, మెయింటెనెన్స్ రసీదులు, ఆ చిరునామాతో ఉన్న గ్యాస్ బిల్లు జతచేయండి. స్క్రీన్‌షాట్లు కాదు, బ్రాంచిలో ముద్ర వేయించిన స్టేట్‌మెంట్ పెట్టండి.

పెద్దాయన రాయనంటే, ఆయన పేరు, చిరునామా, కొడుకు ఖాతా వివరాలు జవాబులో రాసి, సెక్షన్ 133(6) కింద వాళ్లనే అడగమని అధికారిని కోరండి. ఆ మాట చెవిన పడితే చాలామంది ఓనర్లు ఉత్తరం రాసిచ్చేస్తారు. ఆయన తన అద్దె ఆదాయం చూపించాడా లేదా అన్నది మీ తలనొప్పి కాదు.

క్యాష్ ఇచ్చిన నెలల సంగతి కష్టం. అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు, అంటే 5 వేలు తీసేస్తే మీకు నెలకు 13 వేల మినహాయింపు. ఓనరు తన ఉత్తరంలో ఆ క్యాష్ ఒప్పుకోకపోతే మూడు నెలల 39 వేలు వదులుకుంటున్నట్టు మీరే రాసి, దానిమీద పన్ను, వడ్డీ కట్టండి. మిగిలిన 1,17,000 కోసం గట్టిగా నిలబడవచ్చు.

పాత తేదీలతో రసీదులు, పాత స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు చేయించి పెడతామనేవాళ్లు మీకూ తగులుతారు. ముట్టుకోకండి. స్టాంపు పేపరు మీద అమ్మిన తేదీ, సీరియల్ నంబరు ఉంటాయి. దొరికితే తప్పించిన పన్నుకు రెట్టింపు పెనాల్టీ సెక్షన్ 270ఎ కింద పడుతుంది, పైగా 277 కింద ప్రాసిక్యూషన్ కూడా రావచ్చు. అప్‌డేటెడ్ రిటర్న్ వేసి బయటపడదామన్నా, స్క్రూటినీ నడుస్తున్న సంవత్సరానికి ఆ దారి మూసుకుపోయింది.

నోటీసులో జవాబుకు ఇచ్చిన తేదీ ఎప్పుడో మీరు రాయనేలేదు. ఉత్తరం అప్పటికి చేతికి రాదనిపిస్తే, ఆ తేదీ దాటకముందే పోర్టల్‌లో వాయిదా అడగండి. జవాబే ఇవ్వకపోతే సెక్షన్ 144 కింద అధికారి తన అంచనా ప్రకారం మొత్తం మినహాయింపు కొట్టేయవచ్చు.