ఒకే ఫోటోకి కట్లపాము, వుల్ఫ్ స్నేక్ అని రెండు పేర్లు ఎందుకొస్తాయి?

ప్రశ్న: రాత్రి పది గంటలకి వరండాలో చారల పాము కనిపిస్తే ఫోన్‌తో రెండు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టాను. ఒకరు కట్లపాము అన్నారు, ఇంకొకరు విషం లేని వుల్ఫ్ స్నేక్ అన్నారు. తెలిసినవాళ్లకే ఎందుకు కుదరలేదు? మళ్లీ కనిపిస్తే ఎలా తీయాలి?

జవాబు:

మీ రెండు ఫోటోల్లోనూ తేల్చి చెప్పడానికి కావలసిన చోటే కనిపించడం లేదు. ఈ రెండు పాముల్లో ఏది ఏదో రంగును బట్టి, చారలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి చెప్పలేం. చూడాల్సినవి రెండు. ఒకటి, చారలు ఎక్కడ మొదలై ఎటు పలచబడుతున్నాయో. కట్లపాముకి సాధారణంగా తల వెనక కొంత మేర ఖాళీగా ఉండి, ఆ తర్వాత సన్నని తెల్ల గీతలు, చాలాసార్లు జతలు జతలుగా, తోక దాకా స్పష్టంగా వెళ్తాయి. వుల్ఫ్ స్నేక్‌కి మెడ దగ్గరే వెడల్పాటి పట్టీ ఉంటుంది, తోక వైపు పోను పోను చారలు మాసిపోతాయి. రెండోది, వెన్ను మధ్యలో పోయే పొలుసుల వరస. కట్లపాముకి ఆ ఒక్క వరస పక్కవాటికంటే పెద్దగా, ఆరు మూలలతో ఉంటుంది. వుల్ఫ్ స్నేక్‌కి వెన్ను పొలుసులూ పక్క పొలుసులూ ఒకే సైజు. కట్లపాము పిల్లలకి మెడ దగ్గర నుంచే చారలుండొచ్చు కాబట్టి మొదటి గుర్తు ఒక్కోసారి మోసం చేస్తుంది. రెండోదాన్నే ఎక్కువ నమ్ముతాం.

ఇప్పుడు మీ మొదటి ఫోటో చూడండి. ఫోన్ నేల మీదకి వంచి పాముకి ఎదురుగా తీశారు. తల లెన్స్‌కి దగ్గరగా ఉంది కాబట్టి ఉన్నదానికంటే పెద్దగా, మెడకంటే వెడల్పుగా పడింది. ఒంటి పొడవంతా తల వెనక్కి కుదించుకుపోయింది. తల వెడల్పుగా కనిపించింది కాబట్టి ఒకరు వుల్ఫ్ స్నేక్ అన్నారు (దాని తల కాస్త చదునుగా, మెడ నుంచి వేరుగా తెలుస్తుంది, కట్లపాముకి తలా మెడా దాదాపు ఒకే లావు). చారలు ఎక్కడ మొదలయ్యాయో, వెన్ను మీద ఏముందో ఈ కోణం నుంచి అసలు పడదు. ఇలా ఎదురుగా కూర్చుని తీయడం ఎలాగూ ప్రమాదమే.

పైనుంచి ఏటవాలుగా తీస్తే వెన్నూ కనిపిస్తుంది, పక్కలూ కొంత కనిపిస్తాయి. మీరు నిలబడి, కనీసం రెండు మీటర్ల దూరంలో ఉండి, పాము పక్క వైపు నుంచి తీస్తే ఆ కోణం దానంతటదే వస్తుంది. దూరం చాలదనిపిస్తే ముందుకి అడుగేయకండి, జూమ్ వాడండి. కాకపోతే ఏ జూమ్ అన్నది ముఖ్యం. 12 మెగాపిక్సెల్ ఫోన్‌లో మామూలు 1x లెన్స్‌తో రెండు మీటర్ల నుంచి తీస్తే, 5 మిల్లీమీటర్ల వెడల్పున్న పొలుసుకి సుమారు 7 పిక్సెల్‌లు దక్కుతాయి. ఆకారం తెలిసీ తెలియనట్టు ఉంటుంది. ఫోన్‌లో విడిగా 2x లేదా 3x లెన్స్ ఉంటే 14 నుంచి 20 దాకా వస్తాయి, అప్పుడు ఆరు మూలలు తెలుస్తాయి. అలాంటి లెన్స్ లేనప్పుడు వేళ్లతో లాగే జూమ్ బొమ్మని సాగదీస్తుందే తప్ప కొత్త వివరం తేదు. 0.5x జోలికి అసలు పోవద్దు.

రెండో ఫోటోలో తప్పు వెలుతురుది. కట్లపాము ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి, కెమెరా వైపు తిరిగి ఉన్న వెన్ను నుంచి ఆ వెలుగు నేరుగా వెనక్కి కొడుతుంది. మనం చూడాల్సిన వరసే తెల్లగా కాలిపోతుంది. పైగా పాము మెలికలు తిరిగి ఉంటే ఆ మెరుపు ముక్కలు ముక్కలుగా పడి లేని చారలున్నట్టు భ్రమ కలిగిస్తుంది. మీ ఫోటోలో మెడ దగ్గర వెడల్పాటి తెల్ల మచ్చ అలాంటిదే అయి ఉండొచ్చు. అది పట్టీ అయితే అంచులు పొలుసుల వెంబడి తెగినట్టు ఉండాలి, ఇక్కడ అంచులు కరిగిపోయి ఉన్నాయి.

దీనికి తోడు వరండాలో పసుపు బల్బు. ఆ వెలుగులో నల్లటి ఒళ్లు గోధుమరంగులోకి మారుతుంది. ఫ్రేమ్ నిండా ముదురు రంగు ఉంటే ఫోన్ చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది, నలుపు ఇంకా పాలిపోతుంది. గోధుమరంగు కనిపించగానే వుల్ఫ్ స్నేక్ అనేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది: గోడ నీడలో ఉన్న వుల్ఫ్ స్నేక్ నల్లగా పడి, కట్లపామన్న పేరుతో దెబ్బలు తింటుంది.

అందుకని ఫ్లాష్ ఆపేయండి. తోడుగా ఉన్నవాళ్లని కూడా అంతే దూరంలో, మీకు ఒక పక్కగా నిలబెట్టి తెల్ల వెలుగు టార్చి వేయించండి. మెరుపు అప్పుడు వెన్ను మీద కాకుండా ఒంటి పక్కకి జరుగుతుంది. టార్చి మూతి మీద ఒక పొర తెల్ల కాగితం పెడితే మెరుపు ఇంకా మెత్తబడుతుంది. తెర మీద పాము ఒంటిపై తాకి, వెలుగు గీతని కాస్త కిందికి లాగండి.

ఇక కదలిక. తక్కువ వెలుగులో ఫోన్ షటర్‌ని 1/15 సెకను దాకా తెరిచి ఉంచుతుంది. సెకనుకి 30 సెంటీమీటర్లు పాకే పాము ఆ లోపు 2 సెంటీమీటర్లు జరుగుతుంది. కట్లపాము గీతలేమో మిల్లీమీటర్లలో ఉంటాయి. జతగా ఉన్న రెండు గీతలు ఒకే వెడల్పాటి పట్టీగా అలుక్కుపోయి వుల్ఫ్ స్నేక్ పట్టీలా కనిపిస్తాయి, లేదా మొత్తానికే మాయమై ఒళ్లంతా బూడిదరంగవుతుంది. షటర్ 1/250 ఉంటే జరిగేది 1.2 మిల్లీమీటర్లే. ఫోన్‌లో Pro మోడ్ ఉంటే 1/250 పెట్టి ISO 1600 దగ్గర మొదలుపెట్టండి. ఫోటోలో నలుసులు వస్తాయి, రానివ్వండి. నలుసులున్న ఫోటోలో చారలు లెక్కపెట్టొచ్చు, అలికిన ఫోటోలో కుదరదు. Night మోడ్ కచ్చితంగా ఆపాలి, అది సెకను పైగా తీసిన చాలా ఫ్రేములని కలిపి పాముని పొగలా చేస్తుంది. వీడియో తీసినా చీకట్లో ఇదే తంతు. పాము పాకడం ఆపి తల తిప్పే క్షణం కోసం చూసి, వరసగా ఐదారు ఫోటోలు తీయండి. ఒళ్లంతా పడేలా ఒకటి, మెడ నుంచి నడిమి దాకా ఒకటి, తోక వైపు ఒకటి ఉంటే చాలు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పెడితే సైజు తగ్గిపోయి, ఇందాక లెక్కేసిన 7 పిక్సెల్‌లు మూడుకి పడిపోతాయి. Document గా పంపండి. ఫిల్టర్లు వేయొద్దు. పక్కన నేల టైల్ పడితే దాని కొలత చెప్పండి, పొడవు అంచనా వేయొచ్చు. పొట్టిగా ఉంది కాబట్టి కట్లపాము కాదని మాత్రం అనుకోవద్దు, దాని పిల్ల కూడా వుల్ఫ్ స్నేక్ అంతే ఉంటుంది.

కర్రతో తొక్కిపట్టి తిరగేసి ఫోటో తీయడం, చచ్చిందనుకుని చేత్తో పట్టడం వద్దు. పాము తెగిన తల కూడా కాసేపు కాటేయగలదు. ఎవరినైనా కరిచి ఉంటే ఫోటో కోసం ఒక్క నిమిషం ఆగకండి. కట్లపాము కాటుకి నొప్పీ వాపూ లేకపోవచ్చు, గాటు కూడా కనపడకపోవచ్చు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే యాంటీవీనం కట్లపాము, నాగుపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే, డాక్టర్లు లక్షణాలు చూసి వైద్యం చేస్తారు.

మీ పాము విషయానికొస్తే, ఈ రెండు ఫోటోలతో పేరు చెప్పలేను. సరైన ఫోటో దొరికేదాకా కట్లపామనే లెక్కేసుకుని, నేల మీద పడుకోవడం మానండి, మంచం మీదైనా దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి.