చింతగింజ మింగితే భయం లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రమాదం

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. నేను చింతపండు కొట్టి గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని ఉప్పూకారం అద్దుకుని పండు అలాగే తినేస్తాడు. మొన్న రెండు గింజలు మింగేశాడు. మా అత్తగారేమో గింజలు వేయించి పెడితే బలం అంటారు. ఆవిడ మోకాళ్ల నొప్పులకు చింతగింజల పొడి కూడా తాగుతున్నారు. ఇంతకీ చింతగింజ తినొచ్చా? పచ్చి చింతపండు తింటే ఏమైనా అవుతుందా?
– ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: మింగిన రెండు గింజల గురించి టెన్షన్ వద్దు. చింతగింజ పైపెంకు చాలా గట్టిది, నున్నటిది. కడుపులోని ఆమ్లానికి కూడా అంత తేలిగ్గా లొంగదు. మామూలుగా రెండు మూడు రోజుల్లో మలంతో పాటు అలాగే బయటికి వచ్చేస్తుంది. దాన్ని తోసెయ్యాలని ఆముదం పట్టించడం, అరటిపళ్లు కుక్కడం అక్కర్లేదు. బాబు ఎప్పటిలా తిని ఆడుకుంటుంటే చాలు. వాంతులు ఆగకపోయినా, కడుపు ఉబ్బి నొప్పి పెరుగుతున్నా, మలంలో రక్తం కనిపించినా మాత్రం ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఒకటి రెండు కాకుండా గుప్పెళ్లకొద్దీ మింగే పిల్లల్లో అవన్నీ మలద్వారం దగ్గర ముద్దకట్టి, విరేచనం కాక ఏడుస్తారు. అప్పుడు ఇంట్లో చిట్కాలు కాదు, డాక్టర్ చూడాల్సిందే.

నాకు భయం వేరే చోట. పొట్టలోకి వెళ్లిన గింజకన్నా గొంతులో దారి తప్పిన గింజ చాలా ప్రమాదం. ఒకసారి ఐదేళ్ల పాపను పది రోజులుగా తగ్గని దగ్గుతో తీసుకొచ్చారు. అప్పటికే రెండు రకాల సిరప్‌లు, ఒక యాంటీబయాటిక్ కోర్సు అయిపోయాయి. జ్వరం పెద్దగా లేదు. స్టెతస్కోపు పెడితే ఎడమవైపు గాలి బాగా వినిపిస్తోంది. కుడివైపు తక్కువగా ఉంది, పైగా సన్నగా పిల్లికూత. రెండువైపులా పిల్లికూత ఉంటే ఆస్తమా అనుకోవచ్చు, ఒక్కవైపే ఉంటే అనుమానం రావాలి. ఎక్స్‌రేలో గింజ కనపడదు, కానీ కుడి ఊపిరితిత్తి ఎడమదానికన్నా ఎక్కువ ఉబ్బి ఉంది. గాలి లోపలికి పోతోంది, తిరిగి రావడం లేదన్నమాట. ‘దగ్గు మొదలైన రోజు ఏం చేస్తోంది?’ అని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు వాళ్ల నానమ్మకు గుర్తొచ్చింది. అష్టాచెమ్మా ఆడుతున్నారట. పాప నోట్లో ఏదో పెట్టుకుని నవ్వుతూ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరైందట, కాసేపటికి సర్దుకుందట. మత్తు ఇచ్చి బ్రాంకోస్కోపీ చేస్తే బయటికి వచ్చింది ఒకవైపు అరగదీసి తెల్లగా చేసిన చింతపిక్క, తడికి కొంచెం ఉబ్బి.

ఆ ‘సర్దుకోవడమే’ మోసం చేస్తుంది. గింజ శ్వాసనాళంలో ఒకచోట కుదురుకోగానే దగ్గు ఆగుతుంది, ఇంట్లో వాళ్లు మర్చిపోతారు. అందుకే ఐదేళ్లలోపు పిల్లలకు చింతగింజలు, వేయించినవైనా సరే, ఇవ్వొద్దంటాను. మీవాడు ఆరేళ్లవాడైనా గింజలు వాడి చేతికందకుండా ఉంచండి, నోట్లో ఏదైనా పెట్టుకుని పరిగెత్తనివ్వకండి. ఒకవేళ గింజ అడ్డంపడితే, వాడు గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. మాట రాక, ఊపిరి అందక ముఖం నీలంగా మారితే ముందుకు వంచి రెక్కల మధ్య అరచేత్తో ఐదుసార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. అది బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ, ఇంకొకరిని 108కి ఫోన్ చేయమనండి. గొంతులో గుడ్డిగా వేలు పెట్టి తియ్యబోతే గింజ ఇంకా లోపలికి పోతుంది. ముక్కులో దూర్చుకునే పిల్లలూ ఉంటారు. ఒక ముక్కు నుంచే చెడు వాసనతో చీమిడి కారుతుంటే జలుబు అనుకోకుండా చూపించండి.

ఇక తినడం సంగతి. మీ అత్తగారి మాట తప్పు కాదు. చింతగింజలో విషం లేదు. కరువు రోజుల్లో ఇది తిండిగింజే, పప్పులో మాంసకృత్తులు బాగానే ఉంటాయి. కానీ చెట్టు మీదనుంచి వచ్చినట్టే తినేది కాదు. ఆ గోధుమరంగు పొట్టులో టానిన్లు ఎక్కువ. నోరు వగరెక్కించేదీ, మలబద్ధకం తెచ్చేదీ అవే. లోపలి పచ్చి పప్పులో మాంసకృత్తులు అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, అవి వేడికి పోతాయి. పాత పద్ధతి ఇందుకే సరైనది. ఇసుకలోనో బాణలిలోనో చిటపటలాడి పొట్టు పగుళ్లిచ్చేదాకా వేయించాలి, చల్లారాక రోట్లో మెల్లగా దంచి చేటలో చెరిగి పొట్టు తీసెయ్యాలి. మిగిలిన లేత రంగు పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తబడేదాకా ఉడికిస్తే పళ్లకూ పొట్టకూ తేలిక. నానబెట్టకుండా కటుక్కున కొరికితే పన్ను విరగడం ఖాయం అనను గానీ, సిమెంట్ పెట్టించుకున్న పన్నైతే పందెం కట్టొద్దు. పెద్దవాళ్లు రోజుకు నాలుగైదు గింజలు తింటే ఇబ్బంది లేదు.

మోకాళ్ల పొడి విషయంలో మాత్రం మీ అత్తగారితో నేను ఏకీభవించను. చింతగింజ సారంతో చేసిన క్యాప్సూళ్ల మీద చిన్న పరిశోధనలు జరిగాయి. కానీ అవి కొలిచి తయారుచేసిన సారాలు, ఇంట్లో పట్టించిన పొడి ఆ పని చేస్తుందని దానర్థం కాదు. ఆవిడకు మలబద్ధకం ఉంటే అది పెరుగుతుంది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతుంటే టానిన్లు ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు, కాబట్టి రెండూ ఒకే పూట వద్దు. అరిగిన మోకాలికి ఎక్స్‌రే, తొడ కండరాల వ్యాయామం ముందు, పొడి తర్వాత.

పచ్చి చింతపండుకొస్తే, ఉడికించకపోయినా అది తినే వస్తువే. దాని పులుపు ఎక్కువగా టార్టారిక్ ఆమ్లం వల్ల. చిన్న ఉసిరికాయంత తింటే ఏమీ కాదు, గుప్పెడు తింటే విరేచనాలు, కడుపులో మంట. పళ్లు జివ్వుమన్నాయంటే పులుపు ఎనామిల్‌ను మెత్తబరుస్తోందని అర్థం. అందుకని తిన్నాక నీళ్లతో పుక్కిలించమనండి, వెంటనే బ్రష్ చేయించకండి. మెత్తబడ్డ ఎనామిల్‌ను బ్రష్ ఇంకా గీకేస్తుంది, కనీసం అరగంట ఆగాలి. చప్పరిస్తూ గంటసేపు బుగ్గలో పెట్టుకోవడమే పళ్లకు ఎక్కువ చేటు.

చారులో వేసిన చింతపండు మరుగుతుంది కాబట్టి దుమ్మూ సూక్ష్మజీవులూ అంత పట్టించుకోం. పచ్చిగా తినేటప్పుడు అది ఎక్కడ ఆరింది, ఎవరు తొక్కారు అన్నది ముఖ్యం. ఈనెలు, పెంకు ముక్కలు తీసి, శుభ్రమైన నీళ్లతో ఒకసారి కడిగి ఇవ్వండి. పాత చింతపండు నల్లబడటం చెడిపోవడం కాదు, నిలవకు రంగు మారుతుంది. బూజు తేలినా, ముక్క వాసన వచ్చినా, పురుగు పట్టినా పారెయ్యండి. ఉప్పు కలిపిన చింతపండును కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో నిలవ ఉంచకండి, పులుపు లోహాన్ని లాగుతుంది. జాడీనో గాజు సీసానో మంచిది.

ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పి ఉంటే, వాళ్లు చింతపండు ఎంత వాడొచ్చో ఆ డాక్టర్‌నే అడగాలి, ఇందులో పొటాషియం బాగా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లూ పుల్లగా ఉంది కదా అని పండును అలాగే తినొద్దు, గుజ్జులో సగానికి పైగా చక్కెరే.