స్వతంత్ర డైరెక్టర్లున్నా ఏజెన్సీ సమస్య

ప్రశ్న: బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లు, ఆడిట్ కమిటీ ఉన్నా ఏజెన్సీ సమస్య, అంటే వాటాదారుల తరఫున కంపెనీని నడిపేవారు సొంత లాభం చూసుకోవడం, ఎందుకు తీరదు? పరీక్షలో ఏ కేసు రాయాలి?

మన హైదరాబాద్‌కే చెందిన ఐటీ కంపెనీ సత్యం కేసు రాయండి. అయితే చాలామంది ఖాతాల మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన 2009 జనవరి 7 నాటి లేఖతో మొదలుపెడతారు. ఈ ప్రశ్నకు 2008 డిసెంబర్ 16 నాటి బోర్డు సమావేశమే కీలకం. ఆ రోజు స్వతంత్ర డైరెక్టర్లే అధికంగా ఉన్న బోర్డు, ప్రమోటర్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది.

సత్యంలో ప్రమోటర్ల వాటా 10 శాతం లోపే, మేటాస్ కంపెనీల్లో మూడో వంతుకు పైగా. అంటే సత్యం 100 రూపాయలు ఎక్కువ చెల్లిస్తే, వారికి ఒక చేతి నుంచి 10 రూపాయల లోపే పోయి, మరో చేతికి 33 రూపాయలకు పైగా వస్తాయి. ఇది మేనేజరుకూ వాటాదారుకూ మధ్య వైరుధ్యమే కాక, ప్రమోటరుకూ మిగతా వాటాదారులకూ మధ్య వైరుధ్యం కూడా; ఈ తేడా రాయకపోతే జవాబు సగమే.

ఒప్పందాన్ని గంటల్లోనే ఆపించింది బోర్డు కాదు, మదుపరుల ఆగ్రహం. ప్రమోటర్ల మద్దతుతో నియమితులై, యాజమాన్యం ఇచ్చిన కాగితాలపైనే ఆధారపడే డైరెక్టరు చట్టం దృష్టిలో స్వతంత్రుడే కావచ్చు, ఆచరణలో కాదు. అందుకే నేడు లిస్టెడ్ కంపెనీల్లో సంబంధిత పక్షాల లావాదేవీలను ఆడిట్ కమిటీలోని స్వతంత్ర సభ్యులే ఆమోదించాలని సెబీ నిబంధన.