డేటా లీకైతే బాధ్యత ఎవరిది? సంతకానికి ముందు సరిచేయాల్సిన క్లాజు

ప్రశ్న: మాది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. జర్మనీలోని ఒక కంపెనీ ఉద్యోగుల జీతాల లెక్కలు మా సిస్టమ్‌లో చేసిపెడతాం. వాళ్లు పంపిన డేటా ప్రాసెసింగ్ ఒప్పందంలో ‘డేటా ఉల్లంఘన జరిగిన 24 గంటల్లో వెండర్ నియంత్రణ సంస్థకూ, ఉద్యోగులకూ తెలియజేయాలి. నష్టమంతా వెండరే భరించాలి’ అని ఉంది. సంతకం పెట్టవచ్చా?

జవాబు: ఉన్నది ఉన్నట్టుగా పెట్టకండి. మీకు వర్తించేది ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టం, జీడీపీఆర్. ఆ డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేది మీ క్లయింట్ కాబట్టి వాళ్లు కంట్రోలర్. వాళ్ల ఆదేశాల ప్రకారం పనిచేసే మీరు ప్రాసెసర్. ఎవరి డేటా, ఏ రకం, ఏ పనికి, ఎంతకాలం అన్నవి 28వ అధికరణం ప్రకారం ఒప్పందంలో ఉండి తీరాలి. ఇవి సాధారణంగా అనుబంధంలో రాస్తారు. చాలామంది దాన్ని పైపైన నింపేస్తారు. మీరు మాత్రం జాగ్రత్తగా నింపండి. ఆ జీతాల వివరాలతో మీ సొంత అవసరానికి ఏ సర్వే నివేదికో తయారుచేశారంటే, ఆ మేరకు చట్టం మిమ్మల్నే కంట్రోలర్‌గా చూస్తుంది.

ఇక ఉల్లంఘన సంగతి. నియంత్రణ సంస్థకు చెప్పడం 33వ అధికరణం ప్రకారం కంట్రోలర్ విధి. తమకు తెలిసినప్పటి నుంచి వాళ్లకు 72 గంటల గడువుంటుంది. ఉద్యోగులకు పెద్ద ముప్పు ఉంటే వాళ్లకు చెప్పాల్సిందీ కంట్రోలరే. ప్రాసెసర్ పని అనవసర జాప్యం లేకుండా కంట్రోలర్‌కు చెప్పడం. ముప్పు ఎంతో అంచనా వేయగలిగింది క్లయింటే. మీరూ వాళ్లూ వేర్వేరుగా నియంత్రణ సంస్థకు రాసి, రెండు లేఖలూ పొంతన లేకుండా ఉంటే ఇద్దరికీ ఇబ్బందే. అందుకే ‘వెండర్ క్లయింట్‌కు మాత్రమే తెలియజేయాలి, క్లయింట్ రాసే నివేదికకు అవసరమైన వివరాలన్నీ ఇవ్వాలి’ అని మార్పించండి.

అసలు ప్రమాదం ‘జరిగిన’ అన్న మాటలో ఉంది. హ్యాకర్ 3వ తేదీన చొరబడ్డాడు, మీరు 20న కనిపెట్టారు అనుకుందాం. 20న గంటలోపే చెప్పినా, ఈ క్లాజు ప్రకారం మీరు 4వ తేదీనే ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టు. ‘తెలిసిన’ అని మార్చాలి. అయితే క్లయింట్ భయం కూడా న్యాయమైనదే: ఇంకా నిర్ధారణ కాలేదంటూ వెండర్ వారం రోజులు కూర్చుంటే? దానికి మధ్యేమార్గం ఉంది. అనుమానం రాగానే విచారణ మొదలుపెట్టాలి. వ్యక్తిగత డేటా బయటికి పోయిందని సహేతుకంగా నమ్మే స్థితికి వచ్చాక ‘తెలిసినట్టు’ లెక్క. శుక్రవారం రాత్రి అలర్ట్ వచ్చి, బ్యాకప్ ఫైళ్లు బయటివాళ్లు డౌన్‌లోడ్ చేశారని శనివారం ఉదయం 10 గంటలకు మీ ఇంజనీరు లాగ్‌లలో చూస్తే, 24 గంటలు అప్పటి నుంచి మొదలవుతాయి. అన్ని వివరాలూ దొరికేదాకా ఆగక్కర్లేదు, విడతలుగా ఇవ్వవచ్చని కూడా రాసుకోండి.

బ్యాకప్ మరో సంస్థ దగ్గర ఉంటే అది సబ్‌ప్రాసెసర్. ‘సబ్‌ప్రాసెసర్‌కు తెలిస్తే వెండర్‌కు తెలిసినట్టే’ అన్న వాక్యం ఎక్కడైనా నక్కి ఉందేమో వెతకండి. ఆ సంస్థ మీకు చెప్పడానికి 48 గంటలు తీసుకునేలా ఒప్పుకుని ఉంటే, ఈ వాక్యంతో మీ 24 గంటలు మీకు కబురు అందకముందే అయిపోతాయి. దాన్ని తీయించినా, ఆ సంస్థ తన బాధ్యతల్లో విఫలమైతే 28వ అధికరణం ప్రకారం క్లయింట్‌కు జవాబుదారీ మీరే. కాబట్టి ముందు వాళ్లతో గడువు తగ్గించుకుని, ఆ తర్వాతే క్లయింట్‌కు మాటివ్వండి.

నష్టం విషయంలో ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. నష్టపోయిన ఉద్యోగి 82వ అధికరణం కింద, బాధ్యత ఉందని తేలిన మీ ఇద్దరిలో ఎవరి నుంచైనా మొత్తం పరిహారం కోరవచ్చు. ఆ హక్కును మీ ఒప్పందం తగ్గించలేదు. చెల్లించినవాళ్లు రెండోవాళ్ల వాటాను వాళ్ల నుంచి రాబట్టుకోవచ్చు. మీరు బేరమాడగలిగింది ఈ లోపలి పంపకం గురించే. ‘వెండర్ తన బాధ్యత తప్పినందువల్ల లేదా ఆదేశాలు మీరినందువల్ల కలిగిన నష్టం మేరకు’ అని రాయించి, మొత్తానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టించండి. ఆ మొత్తం మీ సైబర్ బీమా కవరేజీని మించకూడదు. క్లయింట్ ఉద్యోగి పాస్‌వర్డ్ పంచుకోవడంతో జరిగిన లీకుకు మీరు కట్టడం అన్యాయం. క్లయింట్ మీద పడే జరిమానాలు మీరు భరించాలన్న షరతు చెల్లుతుందా అన్నది ఒప్పందానికి వర్తించే దేశ చట్టాన్ని బట్టి మారుతుంది. దాన్ని అక్కడి న్యాయవాదికి చూపించాలి.

చివరిగా, ప్రధాన ఒప్పందంలోని నోటీసు క్లాజు చదవండి. నోటీసులన్నీ రిజిస్టర్డ్ పోస్టులోనే పంపాలని అందులో ఉంటే, శనివారం మీరు పంపిన ఈమెయిల్ నోటీసుగా లెక్కకు రాకపోవచ్చు. ఉల్లంఘన సమాచారానికి మాత్రం క్లయింట్ ఇచ్చిన ఫలానా ఈమెయిల్, సెలవు రోజుల్లోనూ ఎత్తే ఫలానా ఫోన్ నంబరు చాలునని విడిగా రాయించుకోండి.