లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్టు గ్లాసులో కలపకు

అమ్మలూ,

కాశీపూర్ వైపు స్కూల్లో పోస్టింగ్ వచ్చిందని, ఏడాదిన్నర పిల్లాణ్ణి వెంట తీసుకెళ్తానన్నావని మీ అమ్మ చెప్పింది. నీ ధైర్యానికి మురిసిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. వానాకాలంలో వాడికి విరేచనాలు పట్టుకుంటే ఏం చేస్తావన్నదే నా టెన్షన్.

నీళ్ళు మరిగించి చల్లార్చి తాగించు. చేతులు సబ్బుతో కడుక్కో. ఇవి నీకు తెలిసినవే.

పర్లాకిమిడిలో మా పక్కింటావిడ మనవడి సంగతి చెప్తాను. నీళ్ళలా విరేచనాలు అవుతుంటే ఓఆర్ఎస్ తెచ్చారు, మంచి పనే. కానీ లీటరు నీళ్ళకి కలపాల్సిన ప్యాకెట్టు మొత్తం ఒక్క స్టీలు గ్లాసులో పోసేశారు. ఉప్పు ఐదింతలైతే దాహం తీరదు, రక్తంలో ఉప్పు పెరుగుతుంది. పిల్లాడు దాహంతో గిలగిల్లాడుతుంటే ‘మందు పనిచేస్తోంది, బాగా తాగుతున్నాడు’ అనుకుని మళ్ళీ అదే పట్టించారు. పైగా మందుల షాపతను లోపెరమైడ్ ఇస్తే సగం మాత్ర మింగించారు. విరేచనాలు ఆగిపోయాయి, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. సాయంత్రానికి పొట్ట డోలులా బిగిసింది, ఉచ్చ లేదు, పిలిస్తే పలకడు. ఆ మాత్ర పేగు కదలికని ఆపుతుంది గానీ నీళ్ళు పోవడాన్ని కాదు. నీరంతా పేగులోనే నిలిచిపోతుంది, మనకి మాత్రం కనబడదు. బరంపురం తీసుకెళ్ళారు, బతికాడులే. పసివాళ్ళకి ఆ మాత్ర వద్దే వద్దు, ఎవరిచ్చినా సరే.

అందుకే ప్యాకెట్టు వెనక చదువు. లీటరుదైతే లీటరు బాటిల్ నిండా నీళ్ళలో మొత్తం కలుపు, 200 మి.లీ.దైతే 200 మి.లీ. నీళ్ళలో. సగం పొడి కంటితో కొలవకు. కలిపాక మరిగించకు, 24 గంటలు దాటితే పారబోయి. విరేచనమైన ప్రతిసారీ పావు నుంచి అరకప్పు, చెంచాతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా మెల్లగా పట్టు.

జింకు మాత్ర 20 మిల్లీగ్రాములది రోజుకొకటి, చెంచాడు నీళ్ళలో కరిగించి 14 రోజులు వెయ్యి. ఆశా దీదీ దగ్గర దొరుకుతుంది. మూడోనాటికి తగ్గిపోయింది కదాని ఆపేస్తారు, నువ్వూ ఆపుతావని నాకు తెలుసు, ఆపకు! పేగు పొర మళ్ళీ గట్టిపడాలి, వచ్చే రెండు మూడు నెలలూ మళ్ళీ రాకుండా కాచేది అదే.

మీ అత్తగారు జాజికాయ అరగదీసి నాకించమంటారు. గౌరవంగా వద్దను. దానితో పిల్లాడు మగతగా పడుకుంటే అది జాజికాయ మత్తో, ఒంట్లో నీరు పోయిన నీరసమో నీకెలా తెలుస్తుంది? లంఖణం కూడా వద్దు, పాలూ మెత్తటి అన్నమూ పెడుతూనే ఉండు. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు పట్టకు, ఆ తీపికి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.

కళ్ళు లోపలికి పోయినా, తాగలేకపోయినా, ఆరు గంటలు ఉచ్చ పోయకపోయినా, విరేచనంలో రక్తం కనబడినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు. దారిలో ఓఆర్ఎస్ పట్టిస్తూ వెంటనే ఆసుపత్రికి బయల్దేరు. బండి ఎక్కాక చెయ్యి నాకు ఫోను.

మీ పెద్దమ్మ