బోనస్, విభజన తర్వాత షేరు కొనుగోలు ధర ఎంత?

ప్రశ్న: బజాజ్ ఫైనాన్స్ షేర్లు 2021 మార్చిలో 10, 2023 నవంబరులో 5 కొన్నాను. ఇప్పుడు 150 ఉన్నాయి. బ్రోకర్‌ను మార్చాక యాప్‌లో కొనుగోలు ధర కనిపించడం లేదు. పాత కాంట్రాక్ట్ నోట్లు ఉన్నాయి. 60 షేర్లు అమ్మాలంటే సగటు ధర ఎంత చూపాలి?

జవాబు: ఈ కంపెనీ 2025 జూన్‌లో ఒకే రికార్డు తేదీతో రెండు పనులు చేసింది. 2 రూపాయల ముఖవిలువ గల షేరును రెండుగా విభజించి, ఆపై ఒక్కో షేరుకు నాలుగు బోనస్ షేర్లు ఇచ్చింది. అందువల్ల మీ 15 షేర్లు ముందు 30 అయ్యాయి, వాటికి 120 బోనస్ షేర్లు చేరాయి.

కాంట్రాక్ట్ నోట్లలో షేర్ల విలువకు బ్రోకరేజీ, దానిపై జీఎస్టీ, స్టాంపు డ్యూటీ, ఎక్స్ఛేంజీ చార్జీలు కలపండి. షేర్ల లావాదేవీలపై పడే పన్ను ఎస్‌టీటీని మాత్రం కలపకూడదు, మూలధన లాభాల లెక్కలో దాన్ని ఖర్చుగా అనుమతించరు. ఉదాహరణకు మొదటి నోటు ప్రకారం 54,170 రూపాయలు, రెండో నోటు ప్రకారం 36,610 రూపాయలు అయ్యాయనుకుందాం. మొత్తం 90,780 రూపాయలను 150తో భాగిస్తే సగటు 605.20 వస్తుంది. మీ పెట్టుబడి ఎలా ఉందో చూసుకోవడానికి ఈ అంకె చాలు గానీ, రిటర్నులో దీన్ని వాడకూడదు.

పన్ను లెక్కలో బోనస్ షేరు కొనుగోలు ధర సున్నా, అది మీ దగ్గర ఉన్న కాలం కేటాయించిన రోజు నుంచి మొదలవుతుంది. విభజనతో వచ్చిన షేరుకు మాత్రం పాత ధరలో సగం, పాత కొనుగోలు తేదీ అలాగే వర్తిస్తాయి. అంటే 2021 నాటి 20 షేర్లకు ఒక్కోదానికి 2,708.50, 2023 నాటి 10 షేర్లకు 3,661 రూపాయలు. డీమ్యాట్ ఖాతాలో ముందు వచ్చినవే ముందు అమ్మినట్టు లెక్క కాబట్టి, మీరు అమ్మే 60లో మొదటి 30 ఇవే, మిగతా 30 బోనస్ షేర్లు.

షేరు 930 రూపాయలకు అమ్ముడైందనుకుంటే, మొదటి 30 షేర్లపై 62,880 రూపాయల దీర్ఘకాలిక నష్టం, బోనస్ షేర్లపై 27,900 రూపాయల లాభం వస్తాయి. సగటు ధరతో లెక్కిస్తే 19,488 రూపాయల లాభం కనిపించేది, అసలు నష్టం పూర్తిగా మరుగునపడేది. అయితే బోనస్ షేర్లు కేటాయించి పన్నెండు నెలలు దాటకముందే అమ్మితే ఆ లాభం స్వల్పకాలికం అవుతుంది, దీర్ఘకాలిక నష్టాన్ని దానితో సర్దుబాటు చేసుకునే వీలుండదు. గడువు దాటాక అమ్మితే ఆ లాభం నష్టంలో సర్దుబాటై, మిగిలిన 34,980 రూపాయల నష్టాన్ని ఎనిమిది సంవత్సరాల వరకు ముందుకు తీసుకువెళ్లవచ్చు. అందుకు రిటర్నును గడువు తేదీలోగా దాఖలు చేసి ఉండాలి.

కొత్త బ్రోకర్ యాప్‌లో ధర నింపమని అడిగితే 605.20 అని ఒకే అంకె వేయకండి. ఆ యాప్ తేదీల వారీగా నమోదు చేయనిస్తే 20, 10, 120 షేర్లను విడివిడిగా, బోనస్‌కు సున్నా ధరతో నమోదు చేయండి.