మెంటార్ ఉన్నా ప్రమోషన్ రాలేదు, కోచ్‌ని పెట్టుకోవాలా?

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో ఐటీ సర్వీసెస్ కంపెనీలో 3 ఏళ్ళుగా టెస్టింగ్‌లో చేస్తున్నా. మంచి మెంటార్ ఉన్నారు, రేటింగ్ కూడా బాగానే వచ్చింది, అయినా ప్రమోషన్ మా టీమ్‌లో ఇంకో అబ్బాయికి ఇచ్చారు. కెరీర్ కోచ్ 40 వేలు అడుగుతున్నారు, కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టెయ్యకమ్మా. కోచ్ పనికొచ్చేది ఏదో ఒక్క విషయంలో తడబడుతున్నప్పుడు, అంటే క్లయింట్ కాల్‌లో నోరు పెగలట్లేదు, డెమో అంటే వణుకొస్తోంది అన్నప్పుడు, కొన్నాళ్ళు ప్రాక్టీస్ చేయించి సరిచేస్తారు. మెంటార్ నువ్వు అడిగితే తన అనుభవంతో నీకు దారి చెప్తారు. నీ గురించి పైవాళ్ళకి చెప్పేది స్పాన్సర్, నీకు లేనిది వాళ్ళే.

ప్రమోషన్ తేలేది నువ్వు లేని గదిలో. మేనేజర్లు రేటింగ్స్ ఇచ్చాక చాలా కంపెనీల్లో నార్మలైజేషన్ మీటింగ్ పెడతారు, డెలివరీ హెడ్, మేనేజర్లు, హెచ్ఆర్ కూర్చుంటారు. స్లాట్లు రెండే ఉన్నాయనుకో, పేర్లు ఐదొస్తాయి, అందరి రేటింగూ బాగానే ఉంటుంది, ఒక్కో పేరు మీద మాట్లాడేది కాసేపే. నీ పేరు దగ్గర మీ మేనేజర్ "సిన్సియర్‌గా చేస్తుంది" అని ఊరుకుని, ఇంకో పేరు దగ్గర పక్క టీమ్ మేనేజర్ కూడా "రిలీజ్ రోజు బగ్ పట్టుకుంది అతనే, నా టీమ్‌కిచ్చినా తీసుకుంటా" అన్నారంటే స్లాట్ అటే పోతుంది. మీ మెంటార్ వేరే ప్రాజెక్ట్ అయితే ఆ గదిలోనే ఉండరు కదా.

కాబట్టి ముందు ఆ మీటింగ్‌లో ఎవరెవరు కూర్చుంటారో మీ మేనేజర్‌ని సూటిగా అడుగు, ఇందులో తప్పేం లేదు. మీది ఏప్రిల్-మార్చి సైకిల్ అయితే అక్టోబర్, నవంబర్‌లోనే అడగాలి, ఫిబ్రవరికల్లా లిస్ట్ దాదాపు మనసులో పడిపోయి ఉంటుంది. "నన్ను స్పాన్సర్ చెయ్యండి" అని మాత్రం ఎవర్నీ అడక్కు, తమ పరువు పెట్టి నీ పేరు చెప్పాలి కాబట్టి పని కళ్ళారా చూడందే ఎవరూ చెప్పరు. ఆ మీటింగ్‌లో కూర్చునేవాళ్ళకి అవసరమున్న పని ఒకటి తీసుకో. ఉదాహరణకి రెండ్రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగ్‌ని ఆటోమేట్ చేసి 4 గంటలకి తెచ్చావనుకో, పక్క టీమ్‌కి కూడా ఇచ్చి, మంత్లీ రివ్యూలో నువ్వే చూపించే ఛాన్స్ అడుగు, తర్వాత మూడు లైన్ల మెయిల్ పెట్టు: ముందు ఎంత టైమ్ పట్టేది, ఇప్పుడెంత, ఎవరెవరు వాడుతున్నారు. గదిలో వాళ్ళు చెప్పగలిగేది ఆ మూడు లైన్లే.

స్పాన్సర్ దొరికారో లేదో ఎలా తెలుస్తుందంటే, సలహాలు ఆగి పనులు రావడం మొదలవుతాయి, నువ్వు అడక్కుండానే నీ పేరు కొత్త మాడ్యూల్‌కి ఇస్తారు. ఒక్కరి మీదే ఆధారపడకు, ఆ స్పాన్సర్ వేరే క్లయింట్ అకౌంట్‌కి మారితే నీ కేసు మళ్ళీ మొదటికొస్తుంది, మీ మేనేజర్‌తో పాటు పక్క టీమ్ నుంచి ఇంకొకళ్ళు ఉండాలి. ఒకవేళ అసలు అకౌంట్‌లో స్లాట్లే లేవని మేనేజర్ చెప్తే ఏ స్పాన్సరూ ఏం చెయ్యలేరు, అప్పుడు ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్స్ చూడటం మొదలుపెట్టు.